రాని ఫోన్ కాల్, లాకర్‌లోని గాజులు

ప్రశ్న: మాది గాజువాక. నాకు 36 ఏళ్లు, ప్రైవేటు బ్యాంకులో పని. నా భార్య స్కూల్లో టీచరు. నాలుగేళ్ల బాబు ఉన్నాడు, అమ్మ మాతోనే ఉంటుంది. ఏడో పెళ్లిరోజుకి పర్సనల్ లోన్ తీసుకుని 2,40,000 రూపాయలతో బంగారు గాజులు కొన్నాను. తనకి తెలియకుండా హోటల్లో ముప్పై మందిని పిలిచి కేక్ కోయించాను. ఆ రోజు నవ్వింది. మర్నాడే గాజులు లాకర్‌లో పెట్టేసింది. పది రోజులకి ఏదో చిన్న విషయంలో మాటా మాటా పెరిగి, "జూన్‌లో నాకు జ్వరం వచ్చినప్పుడు మాత్ర వేసుకున్నావా అని ఒక్క ఫోన్ చేయలేదు నువ్వు" అంది. ఇంత ఖర్చు కంటే ఒక ఫోన్ కాల్ ఎక్కువా? నేనింకేం చేయాలి?

సమాధానం: ఎక్కువే. మీ ఆవిడ లెక్క తప్పేమీ లేదు. గాజులు ఒక ప్రశ్నకి జవాబు, ఫోన్ ఇంకో ప్రశ్నకి. పెళ్లిరోజున మీరు తనని గొప్పగా చూసుకుంటారా అన్న అనుమానం ఆమెకి ఏనాడూ ఉండి ఉండదు. ఆమె అనుమానం వేరే: నేను ఎదురుగా లేనప్పుడు, పని ఒత్తిడిలో, మామూలు మంగళవారం మధ్యాహ్నం ఈయనకి నేను గుర్తొస్తానా? జూన్‌లో ఆ ప్రశ్నకి రాని జవాబు, ఎంత బంగారం పెట్టినా తర్వాత రాదు.

ముందు లాకర్ సంగతి. దాన్ని అవమానంగా తీసుకోకండి. మన ఇళ్లలో బంగారం ఉండాల్సిన చోటే అది. రోజూ బస్సెక్కి స్కూలుకి వెళ్లే మనిషి అంత ఖరీదైన గాజులు వేసుకుని తిరగలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. 2,40,000 రూపాయల లోన్ మూడేళ్ల గడువుకి, 12 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుంటే నెలకి సుమారు 8,000 వాయిదా పడుతుంది, మొత్తం మీద వడ్డీయే 47,000 దాకా అవుతుంది. ఇద్దరి జీతాలతో నడిచే ఇంట్లో అది ఇద్దరి అప్పు. ఆ నిర్ణయంలో ఆమె మాట అడగలేదు. ఆమె ఆ గాజుల వైపు చూసిన ప్రతిసారీ వాయిదా కూడా కనిపిస్తుంది. హోటల్లోనూ అంతే. ముప్పై మంది చూస్తుండగా ఆడమనిషికి నవ్వడం తప్ప ఇంకో దారి ఉండదు కాబట్టి ఆ నవ్వుని మీరు జవాబుగా లెక్క వేసుకోకూడదు.

ఖరీదు పెరిగితే ఆనందం పెరుగుతుందని ఇచ్చేవాళ్లకి అనిపించడం మీ ఒక్కరి పొరపాటు కాదు. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో నిశ్చితార్థపు ఉంగరాల గురించి కూడా అడిగారు. ఉంగరం ఎంత ఖరీదైతే అమ్మాయి అంత మెచ్చుకుంటుందని ఇచ్చిన మగవాళ్లు నమ్మారు. తీసుకున్న ఆడవాళ్ల మెప్పుకీ ఉంగరం ధరకీ సంబంధమే కనిపించలేదు. ఇచ్చేవాడికి తను పడ్డ కష్టం, తిరిగిన షాపులు, కట్టాల్సిన డబ్బు అన్నీ తెలుసు, అందుకే అతని దృష్టి ధర మీదే ఉంటుంది. తీసుకునే మనిషి చేతికి వచ్చేది వస్తువొక్కటే. దాని పక్కన పెట్టి పోల్చుకోడానికి ఇంకో చవక వస్తువు ఆమె ముందు ఉండదు.

ఇక చిన్నవాటి బలం ఎక్కడుందో చూద్దాం. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ బృందం కొత్తగా పెళ్లయిన జంటలని ఇల్లులాగే అమర్చిన ల్యాబ్‌లో ఉంచి, వాళ్ల మామూలు మాటల్ని గమనించింది. ఒకరు కిటికీలోంచి చూసి "ఆ పడవ చూడు" అంటారు. అవతలి మనిషి తలెత్తి చూస్తాడా, ఊఁ అని ఊరుకుంటాడా, విసుక్కుంటాడా? ఆ చిన్న మాటలని మనం పిలుపులు అనుకుందాం. ఆరేళ్ల తర్వాత వాకబు చేస్తే, కలిసి ఉన్న జంటల్లో నూటికి 86 పిలుపులకి స్పందన వచ్చి ఉంది. విడాకులు తీసుకున్న జంటల్లో అది 33. ఈ అంకెలు అక్కడి జంటలవి, మీ ఇంట్లో కొలబద్దగా పెట్టుకోవద్దు. కానీ అది జరిగే తీరు ఏ ఇంట్లోనైనా ఒకటే. పిలుపుకి జవాబు రాకపోతే గొడవ రాదు. మనిషి పిలవడం తగ్గిస్తుంది. అలా తగ్గడం బయటికి ప్రశాంతంగా కనిపిస్తుంది, అందుకే అవతలివాళ్లకి తెలియదు. తెలిసేది ఏదో చిన్న విషయంలో మాట పెరిగి, జూన్ నాటి జ్వరం పెళ్లిరోజు తర్వాత బయటపడ్డప్పుడే.

మీ ఇంట్లో పిలుపులు ఇలా ఉంటాయి. "ఇవాళ స్టాఫ్‌రూమ్‌లో పెద్ద రభస." "ఈ కుర్తా రంగు వెలిసిపోయింది కదా." "వీడు చూడు, చెప్పులు ఎడమది కుడికి వేసుకున్నాడు." ఒక్కోసారి మాటే ఉండదు, కుర్చీలో కూలబడి మెడ నొక్కుకోవడమే పిలుపు. వీటిలో ఏదీ ప్రేమ గురించిన మాట కాదు, సాయం అడిగినట్టూ ఉండదు. అందుకే ఫోన్ చూస్తున్న మనిషికి వినపడవు.

కాబట్టి మొదటి వారం ఏ పనీ కొత్తగా మొదలుపెట్టకండి. ఆమె పిలుపులు గమనించండి, అంతే. రోజు చివర రెండు ముక్కలు గుర్తుపెట్టుకుంటే చాలు: ఆమె ఏమంది, మీరేం చేశారు. ఉదాహరణకి సోమవారం "స్టాఫ్‌రూమ్‌లో రభస" అంటే మీరు "ఎప్పుడూ ఉండేదేగా" అన్నారు. మంగళవారం ఏమీ అనలేదు. బుధవారం రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ "శుక్రవారం పేరెంట్స్ మీటింగ్, ఒకాయన మీద భయంగా ఉంది" అంది, మీరు ఊఁ అన్నారు. వారం పూర్తయ్యేసరికి రెండు సంగతులు మీకు తెలుస్తాయి. ఆమె ఏ వేళ, ఎక్కడ మాట్లాడుతుందో ఒకటి. మీ ఇంట్లో బహుశా రాత్రి అమ్మగారు పడుకున్నాక వంటింట్లో అయి ఉంటుంది. ఏ విషయాల మీద మాట్లాడుతుందో రెండోది. ఈ రెండూ తెలియకుండా మొదలుపెట్టే పువ్వులూ చాక్లెట్లూ గాజుల తప్పునే చిన్న ఖర్చుతో మళ్లీ చేసినట్టు అవుతాయి.

రెండో వారం మొదట్లో జూన్ సంగతి మాట్లాడండి. ఇది ఆలస్యం చేయకూడదు, మర్యాదగా దాటేయకూడదు. ఇద్దరే ఉన్నప్పుడు నాలుగు వాక్యాలు చాలు. "జూన్‌లో నీకు జ్వరం వచ్చిన రోజు నేను ఫోన్ చేయలేదు. నువ్వు ఒక్కదానివే పడుకుని ఎదురుచూసి ఉంటావు. అది నా తప్పు. ఇంకోసారి అలా జరగనివ్వను." ఇందులో "కానీ ఆ రోజు బ్రాంచిలో ఆడిట్" అన్న మాట రాకూడదు, నిజమే అయినా రాకూడదు. గాజుల ప్రస్తావన అసలు వద్దు. ఆమె ఏడవొచ్చు, లేదా జూన్‌కి ముందువి ఇంకో మూడు చెప్పొచ్చు. చెప్పనివ్వండి, ఒక్కోదానికీ సంజాయిషీ ఇవ్వొద్దు. ఈ మెట్టు ఎక్కకుండా మిగతావి మొదలుపెడితే అవి లంచంలా కనిపిస్తాయి.

ఆ తర్వాత మూడే పనులు, మీ రోజులో ఇప్పటికే ఉన్న మూడు వేళలకి కట్టి పెట్టండి. కొత్తగా టైం కేటాయించుకుంటే నెలాఖరు టార్గెట్ల వారంలో అది మొదట పోతుంది. ఎలాగూ జరిగే పనికి అతికిస్తే నిలుస్తుంది.

పొద్దున బండి తాళాలు తీసుకునే ముందు, ఆమె రోజులో ఇవాళ ప్రత్యేకంగా ఏముందో ఒక్కటి తెలుసుకోండి. గాట్‌మన్ కూడా జంటలకి ఇదే చెబుతాడు: విడిపోయే ముందు రెండు నిమిషాలు, అవతలి మనిషి రోజులో ఒక సంగతి. "ఇవాళ ఏంటి నీకు?" అంటే చాలు. పేరెంట్స్ మీటింగ్, పేపర్లు దిద్దడం, డెంటిస్టు, ఏదో ఒకటి వస్తుంది.

మధ్యాహ్నం మీరు భోజనం డబ్బా తెరిచే ముందు ఆ ఒక్క సంగతి అడగండి. ఆమె క్లాసులో ఉంటే మెసేజ్, విరామంలో ఉంటే ఫోన్. "తిన్నావా?" అన్న మాట మన భాషలో ప్రేమే, తక్కువ చేయను. అయితే రోజూ ఒకే వేళకి ఒకే మాట వస్తే, దానికి ఆమె బొటనవేలు చూపించి ఊరుకుంటే, ఇద్దరూ అలవాటుగా చేతులు కదిపినట్టే. "ఆయన వచ్చాడా, గొడవేమైనా చేశాడా?" అన్న ప్రశ్నకి అదే అర నిమిషం పడుతుంది. పొద్దున చెప్పింది మధ్యాహ్నం దాకా మీ తలలో ఉందని దానికదే చెబుతుంది. జూన్‌లో లోపించింది సరిగ్గా ఇదే.

రాత్రి వచ్చాక ఇరవై నిమిషాలు. స్నానం, భోజనం అయ్యాక ఆమె వంటింట్లో ఉన్నప్పుడు మీరూ అక్కడే ఉండండి, ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి. గిన్నెలు తుడుస్తూ వినండి. ఇక్కడ బ్యాంకు మనుషులు ఒక తప్పు ఎక్కువగా చేస్తారు: సమస్య వినగానే పరిష్కారం చెప్పేస్తారు. "హెడ్‌మాస్టర్‌కి లెటర్ పెట్టేయ్" అంటే ఆమె మాట అక్కడితో ఆగిపోతుంది. "అలా అన్నాడా? నువ్వేమన్నావు మరి?" అంటే ఇంకో పది నిమిషాలు నడుస్తుంది. సలహా కావాలంటే ఆమే అడుగుతుంది. గిన్నెలు తుడవడాన్ని మాత్రం కానుకగా లెక్క వేయకండి. అది మీ ఇంటి పని, మీ వాటా. కానుక వినడం.

ఇందులోనే ఇంకో చిన్న మాట చేర్చండి: ఆ రోజు ఆమె చేసిన ఒక పనిని పేరు పెట్టి చెప్పడం. "అన్నిటికీ థ్యాంక్స్" అనేది గాలిలో పోతుంది. "పొద్దున నాకు ఆలస్యమవుతోందని బాబు టిఫిన్ కూడా నువ్వే పెట్టేశావు, అందుకే మీటింగ్‌కి అందుకున్నాను" అంటే నిలుస్తుంది. సారా ఆల్గో బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో కలిసి ఉండే జంటలు రెండు వారాల పాటు రోజూ రాత్రి తమ అనుభవాలు రాశారు. అవతలి మనిషి చేసిన చిన్న పనికి కృతజ్ఞత కలిగిన మర్నాడు ఇద్దరికీ దగ్గరితనం పెరిగినట్టు కనిపించింది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ పనులన్నీ రోజువారీ చిన్నవే.

పువ్వుల గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే వారానికి ఒకసారి కొనదగ్గ చవకైన వస్తువు మన ఊళ్లలో ఇంతకంటే లేదు. ఆమెకి పూలు ఇష్టమైతేనే సుమా. కొందరికి ఆ వాసనకి తలనొప్పి వస్తుంది. అప్పుడు వేయించిన పల్లీల పొట్లమో, ఆమె దిద్దే ఎర్ర పెన్నుల్లో రెండో తీసుకెళ్లండి. మల్లెలైతే సాయంత్రం ఇంకా విచ్చని మొగ్గల దండ తీసుకోండి, రాత్రికి విచ్చుకుంటుంది. అప్పటికే పూర్తిగా విచ్చినవి కొంటే ఇంటికి వెళ్లేసరికి అంచులు గోధుమ రంగుకి తిరుగుతాయి. అరటాకులో చుట్టించుకోండి. బండి డిక్కీలో ఎండవేడికి పెట్టకండి. మల్లెలు వేసవి పంట, మిగతా నెలల్లో దొరికే జాజులో, కనకాంబరాలో, చామంతులో తీసుకోండి. ఇంట్లో అమ్మగారు ఉన్నారు కాబట్టి రెండు మూరలు తీసుకుని ఒకటి దేవుడి పటానికి ఇవ్వండి. ఉమ్మడి ఇంట్లో కోడలికి ఒక్కదానికే తెచ్చిన పొట్లం మొదటి వారం సంతోషం, మూడో వారం ఆమెకే ఇబ్బంది. ఒక మూర ముప్పై నలభై రూపాయలు అనుకున్నా నెలకి 320 రూపాయలు దాటదు.

ఇప్పుడు ఇది ఎక్కడ చెడుతుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇళ్లలో మూడో వారంలోనే చెడుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఉత్సాహంగా నాలుగు ఫోన్లు, పువ్వులు, కాఫీ, అన్నీ చేస్తారు. ఆ వేగం నిలబడదు. తగ్గగానే ఆమెకి కనిపించేది మీరు మొదలుపెట్టింది కాదు, ఆపేసింది. కాబట్టి మీ అత్యంత చెత్త రోజున కూడా చేయగలిగినంతే మొదలుపెట్టండి. మార్చి నెలాఖరున రాత్రి పదింటికి ఇంటికొచ్చినా మధ్యాహ్నం ఒక్క మెసేజ్ పంపగలరా? పంపగలిగితే అది మీ కొలత. ఇరవై నిమిషాలు ఆ రోజు ఐదు కావచ్చు, ముందే చెబితే తప్పు లేదు.

ఇది చెడే రెండో చోటు, లెక్క రాయడం. "పదిహేను రోజుల నుంచి రోజూ ఫోన్ చేస్తున్నాను, నువ్వు ఒక్కసారైనా చేశావా?" ఈ ఒక్క వాక్యం పదిహేను ఫోన్లనీ వెనక్కి తీసుకుంటుంది. అప్పటిదాకా కానుకగా ఉన్నది అప్పుగా మారి, ఇప్పుడు వసూలుకి వచ్చినట్టవుతుంది. ఆ మాట నోటిదాకా వస్తోందంటే మీకూ ఏదో కావాలని అర్థం. అప్పుడు దాన్ని నేరుగా అడగండి: "ఆదివారం సాయంత్రం నాతో బీచ్‌కి రా, ఇద్దరమే." ఫొటోలు తీసి స్టేటస్ పెట్టడం కూడా లెక్క రాయడమే. ముప్పై మంది ముందు కేక్ కోయించిన తర్వాత మీకు ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.

మూడోది గొడవ జరిగిన రాత్రి పూలతో రావడం. గొడవ తేలకుండా పువ్వొస్తే, మాట్లాడకుండా నోరు మూయించినట్టు ఉంటుంది. కొన్నాళ్లకి ఆమెకి మల్లెపూల వాసనకే గొడవ గుర్తొస్తుంది. ఆ రోజు పువ్వు మానేసి కూర్చుని మాట్లాడండి.

మొదట్లో ఆమె "ఏంటి కొత్తగా?" అనొచ్చు. కొంచెం వెటకారంగానూ అనొచ్చు, ఏడేళ్ల అలవాటు అది. నొచ్చుకోకండి. "ఇన్నాళ్లూ అడగలేదు, అడగాలనిపిస్తోంది" అని ఉన్నమాట చెప్పి వదిలేయండి. మర్నాడు మళ్లీ అడగండి.

ఆమెకి మళ్లీ జ్వరం వస్తుంది, ఈ వర్షాకాలమో వచ్చే ఏడాదో. ఆ రోజు చేయాల్సింది ఇప్పుడే అనుకుని ఉంచుకోండి. ఆ పొద్దున స్కూలుకి సెలవు చెప్పే పని మీది. బాబుని తయారుచేసి దింపడం మీది, మీకు కుదరకపోతే ఎవరు దింపుతారో ముందే మాట్లాడి పెట్టుకోవడం మీది. మంచం పక్కన ఫ్లాస్కులో వేడి నీళ్లు, డాక్టర్ చెప్పిన మాత్రలు, వేళలు రాసిన కాగితం, థర్మామీటర్, ఛార్జింగ్ ఉన్న ఫోన్ పెట్టి వెళ్లండి. పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి ఫోన్. మీ ఫోన్‌లో ఆ రెండు వేళలకీ అలారం పెట్టుకోండి. అలారం పెట్టుకుంటే ప్రేమ కాదేమో అని సందేహించకండి. గుర్తుండటం కష్టమైన ఉద్యోగంలో గుర్తుంచుకునే ఏర్పాటు చేసుకోవడం కూడా ఆమె కోసమే. మొదటి ఫోన్‌లో అడగాల్సింది "ఎలా ఉంది?" కాదు, దానికి "పర్లేదు" అన్న జవాబే వస్తుంది. "ఎంత ఉంది జ్వరం? మాత్ర ఎన్నింటికి వేసుకున్నావు? జావ తాగగలిగావా?" అనండి.

ఇది పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? కృతజ్ఞతలు చెబుతుందని ఎదురుచూడకండి. మీరు అడగకముందే ఆమె చెప్పడం మొదలుపెడుతుంది, అది మొదటి గుర్తు. రెండోది మీకు వింతగా తోచొచ్చు: ఫిర్యాదులు చిన్నవవుతాయి, వెంటనే వస్తాయి. "ఇవాళ మధ్యాహ్నం మెసేజ్ లేదేం?" అని అదే రాత్రి అడిగిందంటే సంతోషించండి. నెలల తరబడి దాచి ఒక గొడవలో బయటపెట్టే అవసరం ఆమెకి పోయింది. దీనికి రెండు నెలలైనా ఇవ్వండి.

రెండు నెలలు నిజంగా చేసినా ఏ మార్పూ లేకపోతే, ఆమె ఎవరితోనూ కలవకుండా, నిద్ర, తిండి తగ్గి ఉంటే, ఇది పువ్వులతో తేలే విషయం కాకపోవచ్చు. ఒంట్లో బాగోలేదేమో, మనసు కుంగిందేమో, లేదా ఇంట్లో అమ్మగారితోనో మీతోనో ఉన్న పెద్ద బాధ ఏదైనా ఉందేమో. అప్పుడు నేరుగా అడగండి, ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వెళ్లండి.

గాజులు అలాగే ఉండనివ్వండి. తిరిగి ఇచ్చేద్దామా అని అడగొద్దు, "ఎందుకు వేసుకోవు?" అని కూడా అడగొద్దు. అప్పు సంగతి మాత్రం ఒక ఆదివారం లోన్ కాగితాలు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి: నెలకి ఎంత పోతోంది, ఏ నెలలో కొంచెం ఎక్కువ కట్టి ముందే తీర్చొచ్చు, అలా తీరిస్తే బ్యాంకు ఏమైనా రుసుము తీసుకుంటుందా. బ్యాంకులో పని చేసేవాళ్లు, ఈ లెక్క మీకు పావుగంట పని. ఆమె కూడా చూసి ఒక నెల పేరు చెప్పాక, ఆ నెల క్యాలెండర్‌లో ఆమె చేతే గుర్తు పెట్టించండి.